బీపీ మాత్ర పొద్దునా, రాత్రా? కొలెస్ట్రాల్ మాత్ర సంగతేమిటి?

ప్రశ్న: నా వయసు 61. ఎనిమిదేళ్లుగా బీపీ ఉంది. పొద్దున టిఫిన్ తర్వాత టెల్మిసార్టాన్ 40, హైడ్రోక్లోరోథయజైడ్ 12.5 కలిసిన మాత్ర, రాత్రి అన్నం తిన్నాక అటోర్వాస్టాటిన్ 10 వేసుకునేవాణ్ణి. బీపీ మాత్ర రాత్రి వేసుకుంటే గుండెపోటు సగానికి సగం తగ్గుతుందని వాట్సాప్‌లో చదివి, రెండు నెలల కింద దాన్ని కూడా రాత్రి తొమ్మిదింటికి మార్చుకున్నాను. అప్పటి నుంచి రాత్రి మూడుసార్లు బాత్రూమ్‌కి లేవాల్సి వస్తోంది. టీవీ ముందే నిద్ర పట్టేసి వారంలో రెండు మూడు రోజులు కొలెస్ట్రాల్ మాత్ర మర్చిపోతున్నాను. ఏది ఎప్పుడు వేసుకోవాలో వివరంగా చెప్పగలరా? – ఒక పాఠకుడు, తెనాలి

సమాధానం: మీ రెండు మాత్రలూ పొద్దునే వేసుకోండి. బీపీ మాత్రను డాక్టరుగారు మొదట చెప్పిన వేళకే తిరిగి తీసుకెళ్లండి. అటోర్వాస్టాటిన్‌కి రాత్రే వేసుకోవాలన్న పట్టింపు లేదు కాబట్టి దాన్నీ బీపీ మాత్రతో కలిపేయండి. ఈ మార్పు సంగతి ఆయనకు ఫోన్‌లోనైనా చెప్పండి. రెండు నెలలుగా మీరు మాత్ర రాత్రి వేసుకుంటున్నట్టు తెలియకపోతే, రేపు మీ బీపీ అంకెలు చూసి ఆయన తప్పు లెక్క వేసుకునే అవకాశం ఉంది.

ముందు ఆ వాట్సాప్ మాట సంగతి చూద్దాం. అది గాలివార్త కాదు, దాని వెనక ఒక అధ్యయనం ఉంది. 2019లో స్పెయిన్ నుంచి హైజియా అనే పేరుతో వచ్చింది. 19 వేల మందికి పైగా రోగుల్లో పడుకునే ముందు బీపీ మాత్రలు వేసుకున్నవారికి గుండెపోటు, పక్షవాతం వంటివి 45 శాతం తగ్గాయని ప్రకటించారు. దాని వెనక తర్కం కూడా వినడానికి బాగానే ఉంటుంది. నిద్రలో బీపీ మామూలుగా పది నుంచి ఇరవై శాతం దిగుతుంది, తెల్లవారుజామున మళ్లీ పెరుగుతుంది, గుండెపోట్లు కూడా పొద్దుటి పూటే ఎక్కువ. కాబట్టి ఆ వేళకి మందు బలంగా ఉండేలా చూడాలన్నది వారి వాదన.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ఆ అధ్యయనంలో రెండు గుంపుల మధ్య నిద్రలో పై నంబరు తేడా సగటున మూడు పాయింట్లు. పగటి పూట తేడా దాదాపు లేదు. లక్షల మంది మీద జరిగిన వేర్వేరు పరీక్షల లెక్కలన్నీ కలిపి చూస్తే, పై నంబరు ఐదు పాయింట్లు తగ్గితే గుండెపోటు, పక్షవాతాల ముప్పు పదో వంతు తగ్గుతుందని తేలింది. మరి మూడు పాయింట్లకి 45 శాతం ఎలా తగ్గుతుంది? రోగులను గుంపులుగా విడదీసిన పద్ధతి మీద కూడా వైద్య పత్రికల్లో గట్టి ప్రశ్నలే వచ్చాయి.

ఆ తర్వాత బ్రిటన్‌లో డండీ విశ్వవిద్యాలయం వారు నడిపిన టైమ్ అధ్యయనం 2022లో వెలువడింది. అందులో 21,104 మంది ఉన్నారు. అంతా తమ మామూలు బీపీ మాత్రలే వేసుకున్నారు. సగం మందిని పొద్దున, సగం మందిని సాయంత్రం వేసుకోమని చీటీ వేసినట్టు విడదీసి, ఐదేళ్లకు పైగా గమనించారు. గుండెపోటుతోనో పక్షవాతంతోనో ఆసుపత్రిలో చేరినవారు, గుండె, రక్తనాళాల జబ్బుతో చనిపోయినవారు కలిపి సాయంత్రం గుంపులో 3.4 శాతం, పొద్దుటి గుంపులో 3.7 శాతం. ఇంత చిన్న తేడా కాకతాళీయంగా కూడా రావచ్చు, దాన్ని లాభంగా లెక్కించలేం. 2025లో కెనడా నుంచి వచ్చిన బెడ్‌మెడ్ అధ్యయనం, మూడు వేల పైచిలుకు మందిని పరిశీలించి, ఇదే చెప్పింది. మా దృష్టిలో ఈ చర్చ ఇక్కడితో ముగిసినట్టే. అందరికీ వర్తించే మంచి ముహూర్తం అంటూ ఏదీ లేదు. రాత్రి వేసుకోవడం వల్ల ప్రత్యేకంగా హాని జరిగినట్టూ ఈ రెండు అధ్యయనాల్లో తేలలేదు. కాబట్టి ఏళ్లుగా రాత్రే వేసుకుంటూ ఏ ఇబ్బందీ లేనివాళ్లు ఇది చదివి కంగారుగా పొద్దుటికి మార్చుకోనక్కర్లేదు.

మీ విషయంలో మాత్రం పొద్దునే అని ఖాయంగా చెప్పడానికి కారణం మీ మాత్రలో ఉన్న రెండో మందు. హైడ్రోక్లోరోథయజైడ్ కిడ్నీల ద్వారా ఉప్పును, దాంతో పాటు నీటిని బయటికి పంపి బీపీ తగ్గిస్తుంది. మాత్ర మింగిన రెండు గంటలకు మూత్రం పెరగడం మొదలై, నాలుగో గంటకు ఆ జోరు పతాక స్థాయికి చేరుతుంది. ఆపై నెమ్మదిస్తూ ఆరు నుంచి పన్నెండు గంటల దాకా నడుస్తుంది. మీరు తొమ్మిదింటికి వేసుకుంటున్నారు. అంటే పదకొండుకి మొదలై, ఒంటిగంటకి హెచ్చి, తెల్లవారుజాము దాకా సాగుతుంది. మీరు మూడుసార్లు లేవడానికి ఈ లెక్క సరిపోతుంది. నిద్ర చెడడం ఒక్కటే అయితే ఏదోలా సర్దుకుపోవచ్చు. అరవై దాటిన వయసులో మగతగా చీకట్లో లేచి, తడి బాత్రూమ్‌లో కాలు జారి తుంటి ఎముక విరగ్గొట్టుకోవడం అంతకంటే పెద్ద ముప్పు. అదే మాత్ర ఉదయం ఎనిమిదింటికి వేసుకుంటే ఆ పనంతా మధ్యాహ్నానికే చాలావరకు అయిపోతుంది.

మీ మాత్రలో ఈ మందు ఉందని మీకు తెలుసు, చాలామందికి తెలియదు. స్ట్రిప్ మీద పెద్దక్షరాల్లో మాత్రకి కంపెనీ పెట్టిన పేరు ఉంటుంది, దాని చివర హెచ్ అనో సీటీ అనో ఒక తోక ఉంటుంది. హెచ్ అంటే సాధారణంగా హైడ్రోక్లోరోథయజైడ్, సీటీ లేదా సీహెచ్ అంటే క్లోర్‌థాలిడోన్. రెండూ నీరు తీసేవే. ఏఎం అని ఉంటే ఆమ్లోడిపిన్ కలిసిందని, అది నీరు తీసేది కాదు. తోకను నమ్మి ఊరుకోకుండా స్ట్రిప్ వెనక సన్నక్షరాల్లో ఉండే మందు పేరు చదవండి, కళ్లకు ఆనకపోతే ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసుకోండి. కాళ్ల వాపులకి, గుండె బలహీనతకి ఇచ్చే టోర్సెమైడ్, ఫ్యురోసెమైడ్ ఇంకా జోరుగా నీరు తీస్తాయి కాబట్టి వాటినీ పొద్దునే వేసుకోవాలి. రోజుకు రెండుసార్లు రాస్తే రెండోది మధ్యాహ్నంలోపే అయిపోవాలి.

ఇక మీ మాత్రలో మొదటి మందు టెల్మిసార్టాన్‌కి వేళతో పేచీ లేదు. అది ఒంట్లో సగానికి తగ్గడానికి సుమారు 24 గంటలు పడుతుంది. ఆమ్లోడిపిన్‌కి 30 నుంచి 50 గంటలు. ఇలాంటి మందు రోజూ వేసుకునేవారి రక్తంలో అది ఎప్పుడూ నిలవ ఉంటుంది కాబట్టి, ఏ పూట మింగినా రాత్రికీ తెల్లవారుజాముకీ అందుతూనే ఉంటుంది.

కొలెస్ట్రాల్ మాత్ర రాత్రే వేసుకోవాలన్న మాట కూడా ఊరికే పుట్టలేదు. మన కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం కాలేయం తయారుచేసేదే, ఆ తయారీ అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము వరకు ముమ్మరంగా సాగుతుంది. మొదట్లో వచ్చిన సింవాస్టాటిన్ రెండు మూడు గంటల్లోనే సగానికి తగ్గిపోయే మందు. పొద్దున వేసుకుంటే రాత్రికి ఏమీ మిగలదు. రాత్రి నుంచి పొద్దుటికి మార్చి చూసినప్పుడు చెడు కొలెస్ట్రాల్, అంటే ఎల్‌డీఎల్, సుమారు 10 పాయింట్లు పెరిగింది కూడా. అందుకే సింవాస్టాటిన్ వాడేవారు ఇప్పటికీ రాత్రే వేసుకోవాలి. అటోర్వాస్టాటిన్ అలా కాదు. అది 14 గంటలకు గానీ సగానికి తగ్గదు, అది కరిగి మారిన రూపాలు కూడా పనిచేస్తాయి కాబట్టి దాని ప్రభావం ఇరవై ముప్పై గంటలు ఉంటుంది. రోసువాస్టాటిన్‌కి 19 గంటలు. ఈ రెండూ ఏ పూట వేసుకున్నా ఎల్‌డీఎల్ తగ్గడంలో చెప్పుకోదగ్గ తేడా రాదు. అయినా చీటీల మీద ‘రాత్రి’ అని రాయడం అలవాటుగా సాగుతోంది.

మీకు నష్టం చేస్తున్నది ఆ అలవాటే. వారంలో మూడు మాత్రలు తప్పితే మీకు అందుతున్నది ఏడింట నాలుగు వంతుల మందు. ఆర్నెల్లకోసారి చేసే రక్త పరీక్షలో ఎల్‌డీఎల్ దిగలేదని కనిపిస్తే డాక్టరు 10ని 20 చేస్తారు. స్టాటిన్ మోతాదు రెట్టింపు చేసినా ఎల్‌డీఎల్ అదనంగా తగ్గేది ఆరు శాతమే. తప్పకుండా వేసుకునే 10, తప్పుతూ వేసుకునే 20 కంటే నయం.

మార్చుకోవడం ఎలాగో చూద్దాం. రాత్రి తొమ్మిదింటికి వేసుకుని మళ్లీ మర్నాడు పొద్దున ఎనిమిదింటికి వేసుకుంటే రెండు రోజుల బీపీ మందు పదకొండు గంటల్లో పడుతుంది, కళ్లు తిరగవచ్చు. పోనీ ఆ పొద్దున మానేసి ఎల్లుండి పొద్దున మొదలుపెడితే 35 గంటల ఖాళీ వస్తుంది. మధ్యేమార్గంగా రోజుకు నాలుగు గంటలు ముందుకు జరపండి. శనివారం రాత్రి 9కి వేసుకున్నారనుకుందాం. ఆదివారం సాయంత్రం 5కి, సోమవారం మధ్యాహ్నం 1కి, మంగళవారం ఉదయం 9కి వేసుకోండి. ప్రతిసారీ ఇరవై గంటల ఎడం వస్తుంది, ఒక్క మాత్రా తప్పదు. బుధవారం నుంచి టిఫిన్ వేళకి స్థిరపడండి. ఈ మూడు రోజుల్లో ఎప్పుడైనా పై నంబరు 110 కంటే తక్కువ వచ్చినా, నిలబడగానే కళ్లు తిరిగినా తరువాతి మాత్రకు ముందే డాక్టరును అడగండి. అటోర్వాస్టాటిన్‌కి ఈ తంటా అక్కర్లేదు. సోమవారం రాత్రి మానేసి మంగళవారం పొద్దున బీపీ మాత్రతో పాటు వేసుకుంటే చాలు.

మర్చిపోకుండా ఉండటానికి ఏడు గదుల మాత్రల డబ్బా వాడేవారు ఒక సంగతి గమనించాలి. టెల్మిసార్టాన్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. స్ట్రిప్‌లోంచి తీసి వారం రోజులు డబ్బాలో పెడితే, అందులోనూ వానాకాలంలో కోస్తా గాలికి, మాత్ర మెత్తబడి పొడి రాలుతుంది. కాబట్టి మాత్రను బయటికి తీయకుండా, కత్తెరతో స్ట్రిప్‌ను ఒక్కో మాత్రకు ఒక్కో ముక్కగా కత్తిరించి గదుల్లో పెట్టుకోండి. మందు పేరు, గడువు తేదీ ఉన్న ముక్కను మాత్రం పారేయకుండా దాచండి. ఎప్పుడైనా పొద్దున మర్చిపోతే మధ్యాహ్నం గుర్తొచ్చినా వేసుకోవచ్చు, రాత్రి పడుకునేటప్పుడు గుర్తొస్తే వదిలేయండి. మర్నాడు రెండు వేసుకోవద్దు.

మీ ఒంటికి ఈ వేళ సరిపడిందో లేదో ఇంట్లో బీపీ చూసుకుంటేనే తెలుస్తుంది. కొత్త వేళకి మారిన రెండు వారాల తర్వాత ఒక ఏడు రోజులు ఈ పని పెట్టుకోండి. జబ్బకి కట్టే మిషన్ వాడండి, మణికట్టుది వద్దు. పొద్దున మూత్రానికి వెళ్లొచ్చాక, కాఫీకీ మాత్రకీ ముందు, వీపు ఆనేలా కుర్చీలో కూర్చుని, పాదాలు నేలకి ఆనించి, చెయ్యి బల్ల మీద గుండె ఎత్తులో పెట్టి ఐదు నిమిషాలు మాట్లాడకుండా ఉండండి. పట్టీ చొక్కా మీద కాకుండా ఒంటి మీదే కట్టి, నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ రాసుకోండి. రాత్రి భోజనానికి ముందు మళ్లీ ఇలాగే రెండుసార్లు. మొదటి రోజు అంకెలు వదిలేసి, మిగతా ఆరు రోజుల్లో పొద్దుటి పన్నెండు అంకెలకు ఒక సగటు, రాత్రి పన్నెండింటికి ఒక సగటు తీయండి. ఇంట్లో సగటు 135/85 కంటే తక్కువ ఉండాలి. మీకు ఇంకా తక్కువ కావాలంటే డాక్టరు చెబుతారు.

పొద్దుటి కొలత మాత్రకు ముందే ఎందుకంటే, మందు అన్నింటికంటే పలచబడి ఉండే ఘడియ అదే. మాటవరసకి మీకు పొద్దుటి సగటు 128/80, రాత్రి సగటు 124/78 వచ్చిందనుకోండి. మాత్ర ఇరవై నాలుగు గంటలూ ఆనుతోందని అర్థం, ఇక వేళ గురించి ఆలోచించే పనే లేదు. పొద్దున 148/90, రాత్రి 126/78 వస్తే మాత్రం పగలు బాగా పనిచేసి తెల్లారేసరికి మందు చాలడం లేదన్నమాట. వేళ గురించి నిజంగా చర్చించాల్సింది ఇలాంటి వారి విషయంలోనే. ఆ కాగితం డాక్టరుకి చూపిస్తే ఆయన ముందు రెండు మూడు దారులున్నాయి. హైడ్రోక్లోరోథయజైడ్ స్థానంలో ఎక్కువసేపు నిలిచే క్లోర్‌థాలిడోన్ ఇవ్వవచ్చు, ఆమ్లోడిపిన్ చేర్చవచ్చు, లేదా కలిపిన మాత్రను రెండుగా విడదీసి టెల్మిసార్టాన్ ఒక్కటీ రాత్రికి, నీరు తీసేది పొద్దుటికి ఇవ్వవచ్చు. మీ అంతట మీరు ఇదంతా చేయలేరు, ఎందుకంటే మీ రెండు మందులూ ఒకే మాత్రలో ఉన్నాయి.

కొందరికి పగలంతా బీపీ చక్కగా ఉండి రాత్రి దిగదు. షుగర్, కిడ్నీ జబ్బు ఉన్నవారిలో, గట్టిగా గురకపెడుతూ మధ్యలో ఊపిరి ఆగేవారిలో ఇది ఎక్కువ. ఇంటి మిషన్‌తో ఇది దొరకదు, 24 గంటలు ఒంటికే ఉండి అరగంటకోసారి కొలిచే యంత్రం పెట్టించుకోవాలి. మీరు గురకపెడతారేమో ఇంట్లోవాళ్లను అడగండి. దీనికి ఎదురు సమస్య గ్లాకోమా ఉన్నవారిది. రాత్రి బీపీ మరీ దిగితే కంటి నరానికి రక్తం చాలదన్న భయం ఉంది కాబట్టి, వారు కంటి డాక్టరుని అడగకుండా బీపీ మాత్ర రాత్రికి మార్చకూడదు.

మొదటి మోతాదు రాత్రే వేసుకోవాల్సిన బీపీ మందూ ఒకటుంది. ప్రజోసిన్ మొదటిసారి వేసుకున్నప్పుడు లేచి నిలబడగానే బీపీ ఒక్కసారిగా పడిపోయి మనిషి తూలిపోవచ్చు. అందుకే మొదటి మాత్ర పడుకునే ముందే వేసుకోమంటారు. క్లోనిడిన్ వాడేవారు వేళ మార్చడం కోసం ఒక్క మోతాదు కూడా మానకూడదు, బీపీ ఎదురుతన్ని పైకి ఎగబాకుతుంది. అటెనొలాల్, మెటోప్రొలాల్ వాడేవారు కూడా చెప్పకుండా ఆపకూడదు. ఇక రోసువాస్టాటిన్ వాడేవారు గ్యాస్‌కి తాగే తెల్లటి మందు, అల్యూమినియం, మెగ్నీషియం ఉన్నది, మాత్ర వేసుకున్న రెండు గంటల దాకా తాగకూడదు. తాగితే రోసువాస్టాటిన్ ఒంటికి పట్టేది బాగా తగ్గిపోతుంది. అటోర్వాస్టాటిన్‌కి ఈ బెడద అంతగా లేదు.

డాక్టరు దగ్గరికి వెళ్లే రోజున, రక్త పరీక్ష రోజున కూడా బీపీ మాత్ర మానకండి. పరగడుపున రావాలి అంటే తిండి, కాఫీ వద్దని. గుక్కెడు నీళ్లతో బీపీ మాత్ర వేసుకుంటే కొలెస్ట్రాల్ లెక్క మారదు. మాత్ర మానేసి వెళ్తే అక్కడ 160 కనిపిస్తుంది, మందు పెరుగుతుంది, పెరిగిన మందు వేసుకున్న మర్నాడు కళ్లు తిరుగుతాయి. అయితే మాత్ర వేసుకున్న రెండు మూడు గంటలకు క్లినిక్‌లో చూసే బీపీ మందు బలంగా ఉన్నప్పటిది కాబట్టి, మాత్రకు ముందు ఇంట్లో రాసుకున్న అంకెలు కూడా పట్టుకెళ్లండి. 61 ఏళ్ల వయసు, నీరు తీసే మందు కాబట్టి నిలబడి ఒకసారి, మూడు నిమిషాల తర్వాత మరోసారి బీపీ చూడమని అడగండి. కూర్చున్నప్పటి కంటే పై నంబరు 20 పాయింట్లు దిగితే మోతాదు గురించి ఆలోచించాలి. నీరు తీసే మందు వాడుతున్నందుకు సోడియం, పొటాషియం, క్రియాటినిన్ ఏడాదికి ఒకసారైనా చేయించాలి.

మాత్ర పొద్దుటికి మారాక రాత్రి లేవడం వారం పది రోజుల్లో తగ్గాలి. పడుకునే ముందు మజ్జిగ, నీళ్లు, టీ ఎంత తాగుతున్నారో కూడా చూసుకోండి. అయినా రెండు, మూడుసార్లు లేవాల్సే వస్తుంటే కారణం ఈ మాత్ర అనుకుని ఊరుకోవద్దు. షుగర్ పరీక్ష చేయించండి. మూత్రం సన్నగా రావడం, ఆగి ఆగి రావడం ఉంటే ప్రొస్టేట్ కోసం యూరాలజిస్టును కలవండి. ప్రొస్టేట్‌కి ఇచ్చే టామ్సులోసిన్ లాంటి మాత్ర కూడా నిలబడినప్పుడు బీపీని కాస్త తగ్గించగలదు కాబట్టి, అది మొదలుపెడితే మీరు వాడుతున్న బీపీ మాత్ర స్ట్రిప్ ఆయనకు చూపించండి.